శాతం గెలిచినా సొమ్ము ఓడవచ్చు

రైస్ మిల్లులో ఒక్క యంత్రానికే చోటుందనుకుందాం. చిన్నదానికి లక్ష పెడితే ఏడాది చివర లక్షన్నర వస్తుంది. పెద్దదానికి 10 లక్షలు పెడితే 13 లక్షలు. ఆ తర్వాత రెండూ పాత ఇనుమే. పెట్టుబడికి వడ్డీ 10 శాతం.

రాబడి నేటి విలువను పెట్టుబడికి సరిగ్గా సమానం చేసే వడ్డీయే అంతర్గత రాబడి రేటు: ఇక్కడ 50, 30 శాతం. రెండూ 10 దాటాయి కనుక ఆమోదించవచ్చు. 10 శాతం చొప్పున తగ్గించిన రాబడిని పెట్టుబడితో భాగిస్తే వచ్చే లాభదాయకత సూచిక 1.36, 1.18, 1 దాటితే చాలు.

రెండు కొలతలూ చిన్నదానికే ఓటేశాయి. విద్యార్థులు జారేది ఇక్కడే. నేటి విలువలో చిన్నది మిగిల్చేది సుమారు 36 వేలు, పెద్దది 1.82 లక్షలు. అదనంగా పెట్టే 9 లక్షలకు 11.5 లక్షలొస్తాయి, అంటే దాదాపు 28 శాతం. డబ్బుకు కొరత లేకపోతే పెద్దదే కొనాలి.