తిప్పి పంపిన చీర డబ్బు ఎక్కడ ఆగింది?

కొరియర్ అబ్బాయి పార్శిల్ తీసుకెళ్లగానే యాప్‌లో ‘పికప్ పూర్తయింది’ అని వస్తుంది. డబ్బు కూడా అప్పుడే బయల్దేరిందనుకుంటాం. కానీ ఆ స్కాన్‌తో కదిలేది సరుకే.

హనుమకొండలో ఒకావిడ 1,850 రూపాయల చీర డెబిట్ కార్డుతో కొని, అంచు రంగు వేరేగా ఉందని తిప్పి పంపారనుకుందాం. 2025 జూన్ 11, బుధవారం పికప్ అయింది. చీర సూరత్ గోదాముకు చేరి, పంపింది అదేనా, ట్యాగు ఉందా, ఒకసారి కట్టి విప్పారా అని చూసేసరికి సోమవారం వచ్చింది. మర్నాడు, 17న, ‘రీఫండ్ పూర్తయింది’ అని మెసేజ్. ఖాతాలో మాత్రం పైసా పడలేదు.

చాలామంది కంగారుపడేది ఇక్కడే. కంపెనీ తన వంతు ముగించిందనే ఆ మెసేజ్‌కి అర్థం. పికప్ తర్వాత వచ్చే కార్డు రీఫండ్ పాత చెల్లింపును చెరిపేయదు. అది వెనక్కి నడిచే కొత్త లావాదేవీ. కంపెనీ ఆదేశం పేమెంట్ గేట్‌వేకి, కంపెనీ బ్యాంకుకి, కార్డు నెట్‌వర్క్‌కి, చివరికి మన బ్యాంకుకి వెళ్తుంది. ఒక్కో చోట రోజు లావాదేవీలన్నీ కలిపి పంపుతారు, సెలవొస్తే ఇంకా ఆలస్యం. అందుకే ఐదు నుంచి ఏడు పనిదినాలంటారు. గేట్‌వే దగ్గర అమ్మకందారు లెక్కలో సరిపడా డబ్బు లేకపోతే ఆదేశం అక్కడే పెండింగ్‌లో పడుతుంది, ఆ సంగతి మనకెవరూ చెప్పరు.

ఎక్కడ ఆగిందో తేల్చేది ఏఆర్‌ఎన్ అనే 23 అంకెల నంబరు. కస్టమర్ కేర్‌ని అదే అడగాలి. అందులో ఎనిమిదో అంకె నుంచి పదకొండో అంకె దాకా తేదీ ఉంటుంది. చీర రీఫండ్‌కి అక్కడ 5168 అని ఉంటే, 5 అంటే 2025. 168 అంటే ఏడాదిలో 168వ రోజు, జూన్ 17. ఆ నంబరు చెబితే బ్యాంకు వెతకగలదు. ఆర్డర్ నంబరుతో బ్యాంకుకి పని లేదు. కంపెనీ రోజుల తరబడి ఏఆర్‌ఎన్ ఇవ్వలేకపోతే మాత్రం డబ్బు ఇంకా అటువైపే ఉందని అనుమానించాలి. యూపీఐతో కట్టినవారు 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ అడగాలి.

ఆలస్యానికి రోజుకు వంద రూపాయల పరిహారం వస్తుందని కొందరంటారు. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన ఆ నిబంధన విఫలమైన లావాదేవీలకు. సరుకు తిప్పి పంపిన రీఫండ్‌కి కాదు. ఇక్కడ పనికొచ్చేవి 2020 ఈ-కామర్స్ నిబంధనలు. కంపెనీ ఫిర్యాదు అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. ఏఆర్‌ఎన్ ఇచ్చినా బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో రాయాలి.