ఆనవాలు మిగిలితేనే తీసేసినట్టు

పెళ్లివారి వాట్సాప్ గ్రూపు ఒకటి ఊహించుకోండి. అటువాళ్లూ ఇటువాళ్లూ కలిపి నలభై మంది ఉన్నారు. పెళ్లికూతురి పిన్ని తన అక్కకు విడిగా పంపుదామనుకుని, "వాళ్లు పెట్టిన చీరలు మరీ నాసిరకంగా ఉన్నాయే అక్కా" అని రాసి, చూసుకోకుండా ఆ గ్రూపులో పెట్టేసింది. సంగతి తెలిసేసరికి గుండె గుభేలుమంది. మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి, పైన కనిపించిన చెత్తబుట్ట గుర్తును తాకింది. "Delete for everyone", "Delete for me" అని రెండు దారులు వచ్చాయి. కంగారులో రెండోది నొక్కింది. మెసేజ్ మాయమైంది. హమ్మయ్య అనుకుంది.

నిజానికి ఆమె ఫోన్‌లో తప్ప ఆ మెసేజ్ మరెక్కడా పోలేదు. మిగతా ముప్ఫై తొమ్మిది మంది ఫోన్లలోనూ అలాగే ఉంది. అందరికంటే ముందు తీసేయాలనుకున్న మనిషికే ఇప్పుడది కనబడదు.

ఏది నొక్కామో గుర్తులేకపోయినా తెలుసుకోవడానికి ఒక తేలికైన గుర్తుంది. అందరికీ తీసేస్తే మన తెరమీద, ఆ మెసేజ్ ఉన్నచోటే, "You deleted this message" అనే వాక్యం మిగులుతుంది. అవతలివాళ్లకు "This message was deleted" అని కనిపిస్తుంది. మన ఒక్కరికే తీసేస్తే ఏ వాక్యమూ మిగలదు, శుభ్రంగా ఖాళీ. చాలామంది ఈ ఖాళీని చూసి పని అయిపోయిందనుకుంటారు. గ్రూపులో మన మెసేజ్ ఆనవాలు లేకుండా పోయిందంటే కంగారు పడాల్సింది అప్పుడే.

ఈ పొరపాటు ఎంతమందికి జరిగేదో గానీ, 2022 డిసెంబరులో వాట్సాప్ దీనికి ఒక విరుగుడు పెట్టింది. "Delete for me" నొక్కిన వెంటనే తెర అడుగున "Undo" అని కనిపిస్తుంది. అది ఐదు సెకన్లే ఉంటుంది. ఆలోగా తాకితే మెసేజ్ తిరిగొస్తుంది. అప్పుడు మళ్లీ నొక్కిపట్టి, "Delete for everyone" ఎంచుకోవచ్చు. ఆ ఐదు సెకన్లూ దాటితే మాత్రం మన చేతిలో ఏమీ ఉండదు. నొక్కిపట్టడానికి మన తెరమీద మెసేజే లేదు కదా!

మన పిన్నికి ఇంకొక దారి ఉంది, అది చాలామందికి తెలియదు. 2022 నుంచి గ్రూపు అడ్మిన్లు ఎవరి మెసేజ్‌నైనా అందరికీ తీసేయగలరు. ఆ గ్రూపు అడ్మిన్ పెళ్లికూతురి అన్నయ్యే అయితే వెంటనే ఫోన్ చేసి, "ఒరేయ్ నాన్నా, నేను ఇప్పుడు పెట్టింది చదవకుండా తీసేయరా" అంటే సరిపోతుంది. అప్పుడు అందరికీ, అడ్మిన్ తీసేశారన్న సంగతి కనిపిస్తుంది. కాస్త చిన్నతనమే అయినా, చీరల మాట కంటే నయం.

ఒక్కోసారి "Delete for everyone" అన్న మాటే కనిపించదు. ఫోన్ పాడైందనుకోనక్కర్లేదు. ఒకేసారి నాలుగైదు మెసేజ్‌లు ఎంచుకున్నప్పుడు వాటిలో వేరేవాళ్లది ఒక్కటి ఉన్నా అది రాదు. గడువు దాటినా రాదు. 2017లో ఈ వసతి వచ్చినప్పుడు గడువు ఏడు నిమిషాలే. మరుసటి ఏడాది గంట పైచిలుకు చేశారు. 2022 ఆగస్టు నుంచి రెండు రోజుల పైన, అంటే సుమారు 60 గంటలు. రాత్రి పంపింది పొద్దున లేచి తీసేయవచ్చు గానీ, పోయిన నెలలో పంపింది తీయలేం.

మరి అందరికీ తీసేసినప్పుడు ఆ వాక్యం ఎందుకు మిగలాలి? లోపల జరిగేది తెలిస్తే కొంత అర్థమవుతుంది. వాట్సాప్‌లో మన మాటలు తాళం వేసి వెళతాయి. అవతలి ఫోన్‌కు చేరాక కంపెనీ సర్వర్‌లో ఆ మెసేజ్ ఉండదు. కాబట్టి ఒక్కచోట తుడిచేస్తే అందరికీ పోవడం ఉండదు. మనం "Delete for everyone" నొక్కితే, "ఫలానా మెసేజ్‌ను తీసేయండి" అనే ఇంకో రహస్య సందేశం మిగతా ముప్ఫై తొమ్మిది ఫోన్లకూ వెళుతుంది. దాన్ని అందుకున్న ప్రతి ఫోన్లోని యాప్ పాత మాటలు తుడిచి, ఆ చోట ఈ వాక్యం పెడుతుంది. ఎవరి ఫోన్ అయినా స్విచాఫ్‌లో ఉంటే, మళ్లీ నెట్ అందాకే అది జరుగుతుంది. ఎక్కడైనా తుడవడం కుదరకపోతే ఆ సంగతి మనకు తెలియజేయరు. మన తెరమీద "You deleted this message" అని వచ్చినంత మాత్రాన అందరి ఫోన్లలోనూ పోయిందన్న భరోసా లేదు.

పోయినా చదవలేదన్న భరోసా అంతకంటే లేదు. తీసేసేలోపు చూసినవాళ్లు చూసినట్టే. ఎవరైనా వేరే గ్రూపుకు ఫార్వర్డ్ చేసి ఉంటే అది వేరే మెసేజ్, మన ఆజ్ఞ దాని దాకా పోదు. ఫోటో అయితే ఐఫోన్‌లోని ఫోటోల్లోకి చేరిపోయి, చాట్‌లోంచి పోయాక కూడా అక్కడే ఉండవచ్చు. ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ హిస్టరీ అనే సెట్టింగ్ ఉంది. దాన్ని ఆన్ చేసుకున్న ఫోన్లో గత 24 గంటల నోటిఫికేషన్లు నిలవ ఉంటాయి, వాటిలో మనం తీసేసిన మాటల మొదటి వాక్యాలూ ఉండవచ్చు. తీసేసిన మెసేజ్‌లు చూపిస్తామనే యాప్‌లు కూడా మన నోటిఫికేషన్లనే చదివి దాచుకుంటాయి. వాటికి అనుమతి ఇస్తే బ్యాంకు ఓటీపీలు కూడా వాటి కళ్లబడతాయి. ఎదుటివారు తీసేసిన ఒక్క మాట కోసం అంత పని చేయకండి.

టెలిగ్రామ్ ఇంకో దారిలో వెళ్లింది. అక్కడ ఇద్దరి మధ్య చాట్‌లో ఎవరైనా ఇద్దరికీ పోయేలా తీసేస్తే రెండువైపులా జాడ లేకుండా పోతుంది. 2019 నుంచి అవతలివాళ్లు మనకు పంపినవి కూడా ఇద్దరికీ పోయేలా మనం తీసేయవచ్చు, గడువు కూడా లేదు. పంపినవాళ్లకు ఇది హాయిగా ఉంటుంది. కానీ నాకు వాట్సాప్ పద్ధతే న్యాయంగా తోస్తుంది. ఒకరు బెదిరింపు పెట్టి, చదివారని తెలిశాక తీసేస్తే, అందుకున్న మనిషి దగ్గర కనీసం "ఇక్కడ ఏదో ఉండేది" అన్న గుర్తయినా మిగలాలి. "సరే, రేపు పది గంటలకు ఇస్తాను" అన్న జవాబు ఒక్కటే మిగిలి, దానికి ముందున్న ప్రశ్న ఆనవాలు లేకుండా పోతే, ఆ సంభాషణ తర్వాత చూసుకునేవాళ్లకు అర్థం పర్థం ఉండదు. ఏం రాశారో చెప్పకుండా, రాసి తీశారని మాత్రం చెప్పడం ఇద్దరికీ సమానంగా మర్యాద చేయడమే.

అయితే ఆ వాక్యం అవతలివాళ్లలో అనుమానం రేపుతుందన్నది నిజం. వియ్యాలవారు దాన్ని చూసి ఏమేమో ఊహించుకుంటారు. అక్షర దోషం కోసమైతే అసలు తీసేయనక్కర్లేదు. 2023 నుంచి పంపిన 15 నిమిషాల్లోపు మెసేజ్‌ను దిద్దుకోవచ్చు. పక్కన "Edited" అని పడుతుందంతే. గ్రూపు మారిపోయి పంపినదైతే, అందరికీ తీసేసిన వెంటనే "వేరేచోట పెట్టాల్సింది ఇక్కడ పెట్టాను, తీసేశాను" అని ఒక్క ముక్క రాయండి. చూసీచూడనట్టు మౌనంగా ఊరుకుంటేనే ఊహలు పెరుగుతాయి.

ఈసారి చేయి జారినప్పుడు, చెత్తబుట్ట గుర్తు తాకాక ఒక్క క్షణం ఆగి రెండు దారులూ చదవండి. పై మాట నొక్కాక మీ తెరమీద "You deleted this message" కనిపించిందో లేదో చూసుకోండి. కనిపించకపోతే "Undo" కోసం మీకున్నది ఐదు సెకన్లే.