ఆర్బిట్రేషన్ పట్టికలో ఖాళీ గడిని ఖాళీగానే ఉంచండి

హైదరాబాద్ శివార్లలో మందుల కంపెనీలకు యంత్రాలు తయారుచేసే ఒక మధ్యతరహా సంస్థను ఇంకో కంపెనీ కొనబోతోందని అనుకుందాం. బేరం కుదరకముందే కొనేవాళ్ల లాయర్లు ఒక సంగతి అడుగుతారు: మీకున్న కాంట్రాక్టుల్లో తగాదా వస్తే ఎక్కడ, ఎవరి ముందు, ఏ పద్ధతిలో తేల్చుకోవాలని రాసుకున్నారు? సంస్థ బీరువాల్లో, కంప్యూటర్లలో నూట ఇరవై కాంట్రాక్టులుంటాయి. చాలావాటిలో కోర్టుకు బదులు ఆర్బిట్రేషన్ అనే ఉంటుంది. కానీ ఏ రెండు క్లాజులూ ఒకే మాటల్లో ఉండవు. వాటన్నిటినీ ఒక్క పట్టికలోకి తేవాలి. సీటు, రూల్స్, ఆర్బిట్రేటర్ల సంఖ్య, భాష అనే నాలుగు నిలువు వరుసలు, కాంట్రాక్టుకో అడ్డ వరుస. గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, ఇందులో జరిగే పొరపాటు చాలా ఏళ్ల తర్వాత కోర్టులో బయటపడుతుంది.

మొదటి మెట్టు క్లాజును వెతికి పట్టుకోవడం. ఫైళ్లన్నిటిలో `arbitrat|arbitral` అని వెతికితే చాలావరకు దొరుకుతాయి. దొరకనివాటిని ఆర్బిట్రేషన్ లేని కాంట్రాక్టులుగా లెక్కేయకూడదు. స్కాన్ చేసిన పాత కాగితాల్లో కంప్యూటర్‌కు అక్షరాలే కనబడవు, బొమ్మ మాత్రమే ఉంటుంది. కొన్నిచోట్ల మాట పంక్తి చివర రెండు ముక్కలై ఉంటుంది. అందుకే వెతుకులాటకు చిక్కని ప్రతి కాగితాన్నీ ఒక మనిషి తెరిచి చదవాలి. రెండు పేజీల పర్చేజ్ ఆర్డర్లది ఇంకో తీరు. అందులో ఆర్బిట్రేషన్ మాటే ఉండదు, ‘మా జనరల్ కండిషన్స్ వర్తిస్తాయి’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. క్లాజు ఆ కండిషన్స్ పుస్తకంలో ఉంటుంది. అలా పైపైన చెప్పినంత మాత్రాన ఆ క్లాజు ఈ ఆర్డర్‌లోకి వచ్చినట్టేనా? ప్రతిసారీ రాదని సుప్రీంకోర్టు 2009లో ఎం.ఆర్. ఇంజనీర్స్ కేసులో చెప్పింది. కాబట్టి ఇలాంటి వరుసలో ‘వేరే పత్రం నుంచి’ అని రాసి, ఆ పత్రాన్ని కూడా తెప్పించుకోవాలి. సవరణ ఒప్పందాల సంగతీ ఇంతే. అసలు కాంట్రాక్టులో బెంగళూరు అని ఉండి, మూడేళ్ల తర్వాతి సవరణలో సింగపూర్‌గా మారి ఉండొచ్చు.

నాలుగు వరుసల్లో ఎక్కువసేపు ఆగాల్సింది సీటు దగ్గర. సీటు అంటే విచారణ జరిగే గది కాదు. ఆర్బిట్రేషన్‌కు చట్టం దృష్టిలో ఉన్న ఇల్లు. విచారణ దుబాయ్ హోటల్లో జరిగినా, వీడియోలో జరిగినా, సీటు హైదరాబాద్ అయితే తీర్పును కొట్టేయమని అడగాల్సింది ఇక్కడి కోర్టునే. చిక్కు ఏమిటంటే మన కాంట్రాక్టులు రాసేవాళ్లలో చాలామంది ‘సీటు’ అనే మాటే వాడరు. ‘వెన్యూ’ అంటారు, ‘ప్లేస్’ అంటారు, ‘ఫలానా ఊళ్లో జరుగును’ అంటారు.

దీనికి అందరూ చూడదగ్గ కేసు ఒకటుంది. జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీకీ, బీజీఎస్ ఎస్‌జీఎస్ సోమా అనే జాయింట్ వెంచర్‌కీ మధ్య సుబన్‌సిరి ప్రాజెక్టు కాంట్రాక్టు. ఆర్బిట్రేషన్ ‘న్యూఢిల్లీ/ఫరీదాబాద్’లో జరుగుతుందని అందులో రాశారు. రెండు ఊళ్లు, మధ్యలో ఒక గీత. విచారణంతా ఢిల్లీలో జరిగింది, 2016లో తీర్పు ఢిల్లీలోనే వచ్చింది. దాన్ని కొట్టేయమని ఎన్‌హెచ్‌పీసీ ఫరీదాబాద్‌లో పిటిషన్ వేసింది. ఆ పిటిషన్ వినాల్సింది ఏ కోర్టు అన్న ఒక్క ప్రశ్నే జిల్లా స్థాయి నుంచి హైకోర్టుకూ, అక్కడినుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లింది. సుప్రీంకోర్టు 2019 డిసెంబర్‌లో న్యూఢిల్లీయే సీటు అంది. దాంతోపాటు ఒక సూత్రం చెప్పింది: ఆర్బిట్రేషన్ మొత్తానికి ఒక ఊరిని వెన్యూగా పేర్కొని, దానికి విరుద్ధమైన సూచన ఇంకేమీ లేకపోతే ఆ వెన్యూయే సీటు.

పట్టిక రాసేవాళ్లకు ఇందులో ముఖ్యమైనది ‘విరుద్ధమైన సూచన లేకపోతే’ అన్న ముక్క. మన యంత్రాల సంస్థ కాంట్రాక్టు ఒకటి చూద్దాం. 18వ క్లాజులో ‘వెన్యూ హైదరాబాద్’ అని ఉంది. ఆరు పేజీల తర్వాత 24వ క్లాజులో ‘ముంబై కోర్టులకు మాత్రమే అధికారం’ అని ఉంది. తొందరలో ఉన్నవాళ్లు సీటు గడిలో హైదరాబాద్ అని కొట్టేసి ముందుకు పోతారు. ఆ గడిలో రావాల్సింది అది కాదు. ‘వెన్యూ: హైదరాబాద్ (18), కోర్టులు: ముంబై (24), లాయర్ చూడాలి’ అని రావాలి. క్లాజులోని అసలు మాట, దాని నంబరు గడిలో ఉండాలి. సీటు ఏదన్న నిర్ణయం దాని పక్కన వేరే వరుసలో, అది చేసినవాళ్ల పేరుతో ఉండాలి. ఏరుకొచ్చిన మాటనూ, దానిపై మన అభిప్రాయాన్నీ ఒకే గడిలో కలిపేస్తే తర్వాత ఎవరూ విడదీయలేరు.

ఆర్బిట్రేటర్ల సంఖ్య దగ్గర ఇంకో ప్రలోభం ఉంటుంది. క్లాజు సంఖ్య చెప్పకపోతే మన 1996 చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఒక్కరే. అందుకని చాలామంది ఖాళీ గడిలో ‘1’ వేసేస్తారు. కానీ అదే క్లాజు యూఎన్‌సిట్రాల్ రూల్స్ అని చెప్పి ఉంటే, ఆ రూల్స్‌లో మామూలుగా వచ్చే సంఖ్య ముగ్గురు. అంటే ఈ గడి పక్క గడి మీద ఆధారపడి ఉంది. ముగ్గురు ఆర్బిట్రేటర్లంటే మూడు ఫీజులు. కాబట్టి ఇది చిన్న తేడా కాదు. క్లాజు మౌనంగా ఉంటే ‘చెప్పలేదు’ అనే రాయాలి. రూల్స్ వల్లో చట్టం వల్లో వచ్చే సంఖ్యను పక్క వరుసలో వేసుకోవచ్చు. దీనికి తోడు ‘నియమించేది ఎవరు’ అన్న వరుస కూడా తప్పక పెట్టమంటాను. ‘ఏకైక ఆర్బిట్రేటర్‌ను కొనుగోలుదారు కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ నియమిస్తారు’ అన్న క్లాజులు పాత కాంట్రాక్టుల్లో కొల్లలు. తగాదా ఫలితంతో సంబంధమున్న మనిషి ఏకైక ఆర్బిట్రేటర్‌ను ఎంపిక చేయకూడదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. సంఖ్య గడిలో ‘1’ అని మాత్రమే ఉంటే ఈ లోపం కనబడకుండా పోతుంది.

రూల్స్ గడిలో సంస్థ పేరు ఉన్నదున్నట్టు ఎక్కించి, ఆ సంస్థ ఇంకా ఉందో లేదో చూడాలి. గల్ఫ్ కాంట్రాక్టుల్లో ‘డీఐఎఫ్‌సీ-ఎల్‌సీఐఏ’ అని ఇప్పటికీ కనిపిస్తుంది. దుబాయ్ ప్రభుత్వం 2021లో ఆ ఏర్పాటును రద్దుచేసి, దాని పనిని దుబాయ్ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రానికి అప్పగించింది. పాతపేరు ఉన్న ప్రతి వరుసనూ విడిగా గుర్తుపెట్టాలి.

భాష గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. క్లాజు చెప్పకపోతే, పార్టీలకు పొత్తు కుదరకపోతే ఆర్బిట్రేటర్లే నిర్ణయిస్తారు. కాకపోతే కాంట్రాక్టు ఇంగ్లీషులో ఉండి, సైటు రిజిస్టర్లు, మేస్త్రీల ఉత్తరాలు తెలుగులో ఉంటే వాటి అనువాదాలు అడిగే అధికారం కూడా ఆర్బిట్రేటర్లకు ఉంది. ఆ ఖర్చు ముందే తెలిస్తే మంచిది.

పట్టిక పూర్తయ్యాక రెండు తనిఖీలు చాలు. వచ్చిన కాంట్రాక్టులెన్నో, వరుసలన్నే ఉన్నాయా? పట్టిక రాయని మనిషి కొన్ని వరుసలు తీసుకుని, క్లాజు నంబరు పట్టుకుని అసలు కాగితంతో సరిపోల్చారా? ఒక్క సీటు తప్పయినా అదే మూసలో రాసిన కాంట్రాక్టులన్నీ మళ్లీ చదవాలి, ఎందుకంటే ఒకే నమూనాలోంచి వచ్చిన క్లాజుల్లో తప్పులు కూడా ఒకేలా ఉంటాయి.

‘లాయర్ చూడాలి’ అని తేలిన వరుసలను చూసి సొరుగులో పెట్టేయకండి. సీటు ఏదో, ఆర్బిట్రేటర్లు ఎందరో స్పష్టం చేసే ఒక పేజీ సవరణ రాసి అవతలివాళ్లకు పంపండి. ఇద్దరి మధ్యా వ్యాపారం సజావుగా నడుస్తున్నప్పుడే ఆ సంతకం దొరుకుతుంది. తగాదా మొదలయ్యాక ఎవరూ పెట్టరు.