టైమర్ బొమ్మ ఒక్కటే చాలదు

కొత్త పవర్ బ్యాంక్ తయారుచేసిన చిన్న కంపెనీకి టీవీలో ప్రకటన ఇచ్చే స్తోమత ఉండదు. గతంలో తన దగ్గర ఫోన్ కవరో, చార్జరో కొన్నవాళ్ల ఈమెయిల్ చిరునామాలు మాత్రం ఉంటాయి. ముందుగా కొన్నవారికి ధర తగ్గిస్తామని చెబుతూ, సెకన్లు తరిగిపోయే గడియారాన్ని మధ్యలో పెట్టి వాళ్లకు మెయిల్ పంపుతుంది. అందరి చూపూ పడేది ఆ గడియారం మీదే. తేడా ఎక్కువగా వచ్చేదీ అక్కడే.

వెబ్‌సైట్లో గడియారం నడవడానికి జావాస్క్రిప్ట్ ఉంటుంది. భద్రత కోసం మెయిల్ యాప్‌లు దాన్ని నడవనివ్వవు. కాబట్టి మెయిల్‌లో మనకు కనిపించేది గడియారం కాదు, కదిలే జిఫ్ బొమ్మ. మెయిల్ తెరిచినప్పుడు ఫోన్ ఆ బొమ్మ కోసం సర్వర్‌ను అడుగుతుంది. గడువుకు ఇంకా ఎంతసేపుందో సర్వర్ లెక్కగట్టి, అప్పటికప్పుడు ఒక నిమిషానికి సరిపడా బొమ్మ చేసి పంపుతుంది.

2021లో ఐఓఎస్ 15తో పాటు యాపిల్ మెయిల్‌లో ఒక గోప్యతా సదుపాయం వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, మనం మెయిల్ తెరవకముందే బొమ్మలన్నీ దిగిపోవచ్చు. గడువు రాత్రి 9 గంటలకు అనుకుందాం. ఉదయం 8 గంటలకు మెయిల్ చేరింది, బొమ్మ అప్పుడే దిగింది. సాయంత్రం 6 గంటలకు తెరిచిన మనిషికి ఇంకా 13 గంటలుందని కనిపించవచ్చు. నిజానికి మిగిలింది మూడు గంటలే! విండోస్‌లోని కొన్ని పాత అవుట్‌లుక్‌లలోనైతే బొమ్మ అసలు కదలదు, మొదటి ఫ్రేమ్ దగ్గరే ఆగిపోతుంది. బొమ్మలు రాకుండా ఆపుకున్నవాళ్లకు ఖాళీ గడి కనిపిస్తుంది.

అందుకే గడువును ముందు అక్షరాల్లో రాయాలి. టైమర్ దాని కింద అలంకారంగా ఉంటే చాలు. ‘24 గంటల్లో’ అని రాస్తే ఎప్పటినుంచి లెక్కపెట్టాలో తెలియదు. ‘ఆదివారం రాత్రి 9 గంటల వరకు, భారత కాలమానం’ అంటే డాలస్‌లో ఉండి హైదరాబాద్‌లోని అమ్మానాన్నలకు కొనిపెట్టే కొడుక్కి కూడా తన గడువు ఆదివారం పొద్దున్నే ముగుస్తుందని తెలుస్తుంది.

ఒక నమూనా చూద్దాం. ఫోన్ వెనక అయస్కాంతంతో అతుక్కునే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, ఎమ్మార్పీ 2,499 రూపాయలు, ముందుగా కొనేవారికి 1,899. సబ్జెక్ట్ లైన్: ‘కొత్త పవర్ బ్యాంక్ ₹1,899, ఆదివారం దాకా’. ఫోన్‌లో సబ్జెక్ట్ చివర తెగిపోతుంది కాబట్టి వస్తువు, ధర, రోజు మొదటే రావాలి. దాని పక్కన సన్నగా కనిపించే ప్రివ్యూ వాక్యాన్నీ రాసుకోవాలి. వదిలేస్తే ‘మెయిల్ సరిగా కనిపించకపోతే ఇక్కడ నొక్కండి’ లాంటి ముక్కను యాప్ తీసుకొచ్చి అక్కడ పెడుతుంది.

లోపలి మాట ఇలా ఉండొచ్చు:

‘వైరు అక్కర్లేదు, ఫోన్ వెనక ఆనిస్తే చార్జింగ్ మొదలవుతుంది. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను వైరు లేకుండా దాదాపు ఒకసారి, వైరుతో ఒకటిన్నర సార్లు నింపుతుంది. మొదటి 300 మందికి, లేదా ఆదివారం రాత్రి 9 గంటల వరకు, ఏది ముందైతే అంతవరకు ₹1,899. తర్వాత ₹2,499.’

దాని కింద ఒకే ఒక్క బటన్: ‘₹1,899కి కొనండి’.

పది వేలలో అయిదు వేలు రెండుసార్లు పోతుంది కదా అని చాలామంది ‘రెండు ఫుల్ చార్జింగులు’ అని రాసేస్తారు. 3.7 వోల్టుల సెల్ లెక్కన ఇందులో ఉండేది 37 వాట్ అవర్లు. ఆ ఫోన్ బ్యాటరీకి సుమారు 19 కావాలి. అయితే వోల్టేజీ మార్పిడిలో కొంత, వైర్‌లెస్‌లో ఇంకా ఎక్కువ వేడిగా పోతుంది. రెండుసార్లని చెప్పి అమ్మితే వస్తువు వాపసు వస్తుంది, కోపంతో రాసిన రివ్యూ మిగులుతుంది.

ఇక 300 అంటే 300 ఉండాలి. లేని కొరత, లేని గడువు చూపించి తొందరపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లో నిషేధించింది. అందులో లెక్కించిన 13 రకాల మోసపు ఎత్తుల్లో మొదటిది ఇదే. గడువు దాటాక తెరిచినవారికి టైమర్ సున్నా నుంచి మళ్లీ మొదలుకాకూడదు, ‘ఆఫర్ ముగిసింది’ అన్న బొమ్మ రావాలి. శనివారమే 300 అమ్ముడుపోతే లింకు నొక్కినవారికి పేజీలో మామూలు ధర, అలా ఎందుకైందో ఒక వాక్యం కనిపించాలి.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి గుర్తు పంపేటప్పుడు అప్పటికే కొన్నవాళ్ల పేర్లు జాబితాలోంచి తీసేయాలి. ఫలితం చూసేటప్పుడు ఎంతమంది తెరిచారన్న అంకెను పక్కన పెట్టాలి, ఎందుకంటే యాపిల్ ముందే దించే బొమ్మలు కూడా తెరిచినట్టే లెక్కలోకి వస్తాయి. బటన్ నొక్కినవారెందరు, వాళ్లలో 1,899 కట్టినవారెందరు అన్నదే చూడాలి. నొక్కినవారు చాలామంది ఉండి కొన్నవారు కొద్దిమందే అయితే మెయిల్ తన పని చేసినట్టే. వెతకాల్సింది ఆ తర్వాతి పేజీలో: అక్కడ కొత్తగా డెలివరీ చార్జీ పడుతోందా, మెయిల్‌లో చెప్పిన ధరే కనిపిస్తోందా అని.