1,450 కేవీఏ ఎందుకు అడగాలి? ఒక షాపింగ్ మాల్ దరఖాస్తు వెనక లెక్క

పెద్ద షాపింగ్ మాల్‌కి కరెంటు హెచ్‌టీ సర్వీసు మీద వస్తుంది. ఒకేసారి గరిష్ఠంగా ఎంత లాగుతామో డిస్కంతో ముందే ఒప్పందం చేసుకోవాలి. దాన్నే కాంట్రాక్ట్ డిమాండ్ అంటారు, మన దగ్గర వాడుకలో సీఎండీ. నెలలో నిజంగా తాకిన గరిష్ఠ స్థాయిని మీటరు నమోదు చేస్తుంది. అది ఒప్పందం దాటితే దాటిన మేరకు డిమాండ్ చార్జీ రెట్టింపు, అంతకు మించి కూడా పడుతుంది. దాటకపోయినా ఒప్పందంలో 80 శాతానికి డిమాండ్ చార్జీ కట్టాల్సిందే. అందుకే తక్కువ అడిగినా నష్టమే, ఎక్కువ అడిగినా నష్టమే.

ఉదాహరణకు 900 కేవీఏ ఒప్పందం ఉన్న ఒక మాల్‌ని తీసుకుందాం. వేసవిలో దాని మీటరు 880 దాకా వెళ్తోంది. ఇప్పుడు పై అంతస్తులో మల్టీప్లెక్స్, ఫుడ్ కోర్టు కడుతున్నారు. అక్కడ బిగించే పరికరాల మొత్తం సామర్థ్యం, అంటే కనెక్టెడ్ లోడ్, 780 కిలోవాట్లు: ఏసీకి 300, వంటగదులకు 160, లైట్లకూ షాపులకూ 120, లిఫ్టులూ ఎస్కలేటర్లకు 80, ప్రొజెక్టర్లూ సౌండుకు 60, పంపులూ ఎగ్జాస్టు ఫ్యాన్లకు 60.

తొందరపడేవారు ఈ 780ని కేవీఏలోకి మార్చి పాత 900కి కలిపేస్తారు. 1,700 దాటుతుంది. అక్కడే అసలు చిక్కు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉమ్మడి 11 కేవీ ఫీడరు మీద మామూలుగా 1,500 కేవీఏ వరకే ఇస్తారు. దాటితే 33 కేవీకి మారాలి. కొత్త లైను, కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు, వాటికి స్థలం, అన్నీ మీద పడతాయి.

కానీ బిగించినవన్నీ ఒకేసారి పూర్తి సామర్థ్యంతో నడవవు. వంటగదిలో ఫ్రయ్యరు, అవెను, డిష్‌వాషరు వంతులవారీగా పనిచేస్తాయి. లిఫ్టు కాసేపు లాగి కాసేపు ఆగుతుంది. కాబట్టి ఏసీకి 85 శాతం, లైట్లకూ షాపులకూ 80, ప్రొజెక్టర్లకు 75, వంటగదులకు 60, లిఫ్టులకూ పంపులకూ 50 శాతం చొప్పున వేస్తే 562 కిలోవాట్లు తేలుతుంది. ఇవి కూడా ఒకే నిమిషంలో శిఖరానికి చేరవు. దానికి 1.1 డైవర్సిటీ ఫ్యాక్టరు తీసుకుంటే 511 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టరు 0.97 ఉంటే 527 కేవీఏ. పాత 880తో కలిపితే 1,407. పాతదానికీ కొత్తదానికీ మధ్య మళ్లీ తగ్గింపు వేసుకోకూడదు. షాపులూ సినిమా హాళ్లూ రెండూ వేసవి ఆదివారం సాయంత్రమే కిక్కిరిసిపోతాయి మరి. ఫైర్ పంపులు ప్రమాదవేళ తప్ప నడవవు కనుక ఈ లెక్కలోకి రావు.

కొంచెం వెసులుబాటు కలిపి 1,450 అడగడం సరైన పని. 1,700 అడిగితే ఏమవుతుందో చూడండి. కనీస బిల్లింగు 1,360 కేవీఏ అవుతుంది, 1,450కి అయితే 1,160. చలికాలంలో వాడకం అంతకన్నా తగ్గిన నెలల్లో, డిమాండ్ చార్జీ కేవీఏకి 475 రూపాయలు అనుకుంటే, తేడా నెలకు 95,000.

ఈ లెక్క అంతా పవర్ ఫ్యాక్టరు మీద నిలబడి ఉంది. కెపాసిటర్ ప్యానెల్ చెడి అది 0.90కి పడిందంటే అదే 1,365 కిలోవాట్లకు 1,517 కేవీఏ లాగుతుంది. ప్యానెల్‌ని చూసుకునే మనిషి లేని మాల్‌కి ఈ 1,450 చాలదు.

ఉత్తరం సూపరింటెండింగ్ ఇంజనీరు పేరిట వెళ్తుంది. పొడుగు అక్కర్లేదు:

"మా హెచ్‌టీ సర్వీసుకు ప్రస్తుత సీఎండీ 900 కేవీఏ. మల్టీప్లెక్స్, ఫుడ్ కోర్టు అదనపు లోడు దృష్ట్యా దీనిని 11 కేవీ మీదనే 1,450 కేవీఏకు పెంచవలసిందిగా కోరుతున్నాము. లోడు లెక్కలు, గత 12 నెలల గరిష్ఠ డిమాండు వివరాలు, సింగిల్ లైన్ డయాగ్రం జతపరిచాము. ఇప్పుడున్న రెండు 630 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లకు తోడు అదే సామర్థ్యం గలది మరొకటి పెడుతున్నాము. అభివృద్ధి చార్జీలు, అదనపు సెక్యూరిటీ డిపాజిట్ చెల్లించి కొత్త ఒప్పందం చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాము."

మూడో ట్రాన్స్‌ఫార్మరు మాట రాయకపోతే దరఖాస్తు వెనక్కి రావచ్చు. ఉన్న రెండూ కలిపి 1,260 కేవీఏ మాత్రమే కదా. కొత్తదానికి కరెంటు ఇచ్చే ముందు ప్రభుత్వ విద్యుత్ తనిఖీ అధికారి అనుమతి కూడా కావాలి. ఇటు డిస్కం ఇంజనీర్లు ఫీడరులో, సబ్‌స్టేషన్‌లో చోటుందో లేదో చూస్తారు.

మీటరింగు దగ్గరి సీటీలను చాలామంది మరిచిపోతారు. 11 కేవీ మీద 900 కేవీఏ అంటే 47 ఆంపియర్లు, కాబట్టి 50/5 సీటీలు సరిపోయాయి. 1,450కి 76 ఆంపియర్లు వస్తాయి, 100/5వి పెట్టాలి. సీటీలు మార్చి, ఒప్పందం మీద సంతకాలై, పెంచిన డిమాండ్ అమల్లోకి వచ్చేదాకా పాత 900 హద్దే లెక్క. ఆ లోపు మల్టీప్లెక్స్ తెరిచి ఒక్క సాయంత్రం 1,400 తాకితే, అదనపు 500 కేవీఏకి ఆ నెల బిల్లులోనే పెనాల్టీ పడుతుంది.