రిపోర్టు నార్మల్, ఆయాసం మాత్రం తగ్గలేదు

గుండె గది గోడలు ఒత్తిడికి సాగినప్పుడు కండర కణాలు ఒక హార్మోన్ మూలరూపాన్ని తయారుచేస్తాయి. అది రెండు ముక్కలవుతుంది. పనిచేసే ముక్క బీఎన్‌పీ, పనిలేని ముక్క ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చినవారి రక్తంలో, మిల్లీలీటరుకు బీఎన్‌పీ 100 పికోగ్రాముల లోపు, లేదా ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 300 లోపు ఉంటే హార్ట్ ఫెయిల్యూర్ అయ్యే అవకాశం తక్కువ.

అయితే ఊబకాయం ఉన్నవారిలో ఈ లెక్క తప్పుతుంది. వారి రక్తంలో ఈ రెండూ తక్కువగానే ఉంటాయి. బాగా బరువున్న 60 ఏళ్ల ఆవిడ మెట్లెక్కితే ఆయాసపడుతోంది, కాళ్లు వాచాయి, వెల్లకిలా పడుకోలేకపోతోంది అనుకుందాం. బీఎన్‌పీ 80 వచ్చింది. ఆ అంకె చూసి ఇంటికి పంపేస్తే ప్రమాదమే. అధిక ఊబకాయంలో 50 దాటినా అనుమానించాలని చాలామంది వైద్యులు అంటారు. ఎకో తీస్తే, గుండె బాగానే ముడుచుకుంటున్నా బిరుసెక్కి సరిగా సడలడం లేదని తేలవచ్చు.

కిడ్నీ జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ లోపం, పెద్ద వయసు ఈ అంకెలను పైకి నెడతాయి.

మందు వల్ల కూడా పొరబడవచ్చు. సాకుబిట్రిల్ ఉన్న మాత్ర, బీఎన్‌పీని విరిచే ఎంజైమును అడ్డుకుంటుంది. రోగి కోలుకుంటున్నా బీఎన్‌పీ పెరగవచ్చు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని ఆ ఎంజైము విరవదు కనుక, ఈ మాత్ర వాడేవారికి ఆ పరీక్షే చేయించాలి.