వైశాల్యానికి రుణ గుర్తు ఎందుకు?

నాలుగు సంఖ్యలను రెండు వరుసల్లో పేర్చి, ఒక కర్ణం మీది సంఖ్యల లబ్ధంలోంచి రెండో కర్ణం మీది వాటి లబ్ధాన్ని తీసేస్తే వచ్చేది నిర్ధారకం. ad − bc అనే ఈ సూత్రం ఇంటర్మీడియట్ గణితం చదివినవారికి కంఠతా వస్తుంది. ఆ వచ్చిన సంఖ్య దేన్ని కొలుస్తుందో మాత్రం చాలామందికి తెలియకుండానే పరీక్ష గడిచిపోతుంది. అది కొలిచేది ఒక సమాంతర చతుర్భుజ వైశాల్యాన్ని.

గళ్ల కాగితం మీద మూలబిందువు నుంచి (3, 1) దాకా ఒక సదిశ, (1, 2) దాకా మరో సదిశ గీద్దాం. వీటిని ఆసన్న భుజాలుగా తీసుకుని సమాంతర చతుర్భుజాన్ని పూర్తి చేస్తే నాలుగో శీర్షం (4, 3) దగ్గర పడుతుంది. దీని చుట్టూ 4 అడ్డం, 3 నిలువు ఉన్న దీర్ఘచతురస్రం గీస్తే దాని వైశాల్యం 12. అందులో చతుర్భుజానికి చెందని ముక్కలను తీసేయాలి. 3 భూమి, 1 ఎత్తు గల త్రిభుజాలు రెండు. రెండూ కలిపి 3. 1 భూమి, 2 ఎత్తు గల త్రిభుజాలు రెండు. అవి కలిపి 2. మూలల్లో ఒక్కో గడి అంత చదరాలు రెండు. అవి మరో 2. మొత్తం 7 పోగా మిగిలింది 5. నిర్ధారకం కట్టినా అంతే: 3 × 2 − 1 × 1 = 5. సంఖ్యల బదులు అక్షరాలతో ఇదే కోత కోస్తే ad − bc దానంతటదే బయటపడుతుంది.

ఇప్పుడు ఇదే మాత్రికను బిందువులను కదిపే యంత్రంగా చూడవచ్చు. (x, y) దగ్గరున్న బిందువు (3x + y, x + 2y) దగ్గరకు వెళ్తుంది. ఒక ప్రమాణం భుజం గల చదరం పైన గీసిన సమాంతర చతుర్భుజంగా మారుతుంది, అంటే 1 వైశాల్యం 5 అయింది. తలంలోని ప్రతి గడీ, అది ఎక్కడున్నా, ఇదే ఆకారంలోకి మారుతుంది. గడులను ఎంత చిన్నవిగా చేసినా ఒక్కొక్కటీ ఐదింతలే అవుతుంది. ఏ బొమ్మనైనా అలాంటి చిన్న గడులతో కావలసినంత దగ్గరగా నింపవచ్చు కాబట్టి, ఏ బొమ్మ వైశాల్యమైనా ఐదింతలే అవుతుంది. 1 వ్యాసార్థం గల వృత్తం ఒక దీర్ఘవృత్తంగా సాగుతుంది. దాని వైశాల్యం సరిగ్గా 5π. ఒక మాత్రిక తర్వాత మరో మాత్రికను ప్రయోగిస్తే నిర్ధారకాలు గుణించుకోవడానికి కారణం కూడా ఇదే. మొదటిది ఐదింతలు చేసి, రెండోది దాన్ని రెండింతలు చేస్తే మొత్తం పదింతలు కాక మరేమవుతుంది?

చిక్కు గుర్తు దగ్గర వస్తుంది. భుజాల వరుస మార్చి (1, 2)ని ముందు, (3, 1)ని తర్వాత రాస్తే నిర్ధారకం −5 అవుతుంది. బొమ్మ అదే, వైశాల్యం అదే. మారింది తిరిగే దిశ. మొదటి సదిశ నుంచి రెండోదాని వైపు దగ్గరి దారిలో తిరిగేటప్పుడు గడియారం ముళ్లకు ఎదురుగా తిరిగితే ధనం, ముళ్లతో పాటు తిరిగితే రుణం. మాత్రిక నిర్ధారకం రుణమైతే ఆ పరివర్తనం తలాన్ని అద్దంలో ప్రతిబింబంలా తిరగేసిందన్నమాట.

వైశాల్యం రుణం కావడం వింతే కదా, గుర్తు తీసేసి పరమ మూల్యం ఉంచుకుంటే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. (3, 1)ని స్థిరంగా ఉంచి రెండో భుజానికి (1, −1)ని కలిపి చూద్దాం. (3, 1), (1, 2)ల నిర్ధారకం 5. (3, 1), (1, −1)ల నిర్ధారకం −4. రెండో భుజాలను కలిపితే వచ్చే సదిశ (2, 1); దానితో నిర్ధారకం 3 × 1 − 1 × 2 = 1. 5 + (−4) = 1, లెక్క కుదిరింది. గుర్తులు తీసేసి ఉంటే 9 వచ్చేది, కానీ అసలు వైశాల్యం 1 మాత్రమే. (1, 2) భూమికి ఒక పక్కన ఉంది, (1, −1) రెండో పక్కన ఉంది. ఒకటి ఎత్తును పెంచితే మరొకటి తగ్గిస్తుంది. ఆ ఎత్తుల కూడికను సరిగ్గా నడిపేది గుర్తే. నిర్ధారకాన్ని విస్తరించడం, వరుసలను కలిపి సులభం చేయడం వంటి పద్ధతులన్నీ ఈ కూడిక మీదే ఆధారపడ్డాయి.

మరో ధర్మం చూడగానే తెలిసిపోతుంది. రెండో భుజానికి మొదటి భుజాన్నే కలిపితే (1, 2) కాస్తా (4, 3) అవుతుంది. నిర్ధారకం 3 × 3 − 1 × 4, మళ్లీ 5. పేకముక్కల దొంతరను పక్కకు నెట్టినట్టు బొమ్మ వాలుతుందే తప్ప భూమి, ఎత్తు మారవు. భుజాలు రెండూ ఒకే రేఖ మీద పడితే, (3, 1), (6, 2) లాగా, ఎత్తే ఉండదు, నిర్ధారకం సున్నా. అలాంటి మాత్రిక తలమంతటినీ ఒక గీతలోకి అణిచేస్తుంది. ఏ బిందువు ఎక్కడి నుంచి వచ్చిందో తిరిగి చెప్పే వీలు లేదు కనుక దానికి విలోమం ఉండదు.

మూడు కొలతల్లోకి వెళ్తే చతుర్భుజం స్థానంలో సమాంతర ఫలకం వస్తుంది. వాలిన పెట్టె లాంటి ఈ ఘనాకృతికి ఆరు ముఖాలు, ఆరూ సమాంతర చతుర్భుజాలే. ఒకే శీర్షం నుంచి బయలుదేరే మూడు అంచులు (2, 1, 0), (0, 3, 1), (1, 0, 2) అనుకుందాం. మొదటి రెండూ అడుగు ముఖం. ఆ రెండింటి సదిశా లబ్ధం (1, −2, 6). దీని పొడవు √41, అంటే దాదాపు 6.40, అడుగు ముఖం వైశాల్యం అదే. దిశ ఆ ముఖానికి లంబం. ఈ లంబంతో మూడో అంచుకు బిందు లబ్ధం తీస్తే 1 × 1 + (−2) × 0 + 6 × 2 = 13. మూడు అంచులతో నిర్ధారకం నేరుగా కట్టినా 2(6 − 0) − 1(0 − 1) + 0 = 13. ఘనపరిమాణం 13 కాబట్టి, దాన్ని అడుగు వైశాల్యంతో భాగిస్తే ఎత్తు 2.03 దాకా వస్తుంది. వర్గమూలాలు దారిలో కనిపించినా చివరికి రద్దవుతాయి, అందుకే జవాబు పూర్ణసంఖ్య.

ఇక్కడ గుర్తు చెప్పేది కుడిచేతి నియమం. కుడిచేతి వేళ్లను మొదటి అంచు నుంచి రెండోదాని వైపు ముడిస్తే బొటనవేలు చూపే వైపే మూడో అంచు ఉంటే ధనం, ఆవలి వైపు ఉంటే రుణం. ఈ మూడు అంచులతోనే చతుర్ముఖిని కోస్తే దాని ఘనపరిమాణం ఫలకంలో ఆరో వంతు, 13/6. చతుర్ముఖి ఘనపరిమాణాన్ని ఈ రకమైన రాశితో రాసి చూపినవాడు లగ్రాంజ్, 1773లో. అప్పటికి ఆ రాశులకు నేటి పేరు స్థిరపడలేదు.

నిర్ధారకం చెప్పనివి కూడా ఉన్నాయి. (3, 1), (1, 2) భుజాలైనా, (100, 0), (0, 0.05) భుజాలైనా జవాబు 5. మొదటిది ఒక మాదిరి చతుర్భుజం, రెండోది సన్నని పట్టీ. పొడవులు, కోణాలు ఎలా మారాయో ఈ ఒక్క సంఖ్యలో దొరకదు. అలాగే నిర్ధారకం సున్నాకు చాలా దగ్గరగా ఉంటే మాత్రిక దాదాపు విలోమం లేనిదని అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. పది కొలతల్లో ప్రతి పొడవునూ పదో వంతుకు కుదించే మాత్రికకు నిర్ధారకం 0.1ని పదిసార్లు గుణించినంత, అంటే 10⁻¹⁰. అంత చిన్న సంఖ్య అయినా, ప్రతి పొడవునూ పదింతలు చేస్తే చాలు, బొమ్మ యథాతథంగా తిరిగి వస్తుంది.